స్లైడ్లలో దాగిన పనులు: సమావేశం తర్వాత పంపాల్సిన మెయిల్

ఆఫీసుల్లో జరిగే సమీక్షా సమావేశాలు చాలావరకు ఒక పవర్‌పాయింట్ ప్రెజెంటేషన్ చుట్టూ నడుస్తాయి. సమావేశం ముగిశాక ఆ పీపీటీనే అందరికీ పంపి, ‘వివరాలు జతచేయడమైనది’ అని ఒక ముక్క రాసి ఊరుకోవడం పరిపాటి. పది రోజుల తర్వాత ఆరా తీస్తే పనులు ఎక్కడివక్కడే ఉంటాయి. దీనికి బద్ధకం ఒక్కటే కారణం కాదు. స్లైడ్లలో ఉండేవి విషయాలే తప్ప పనులు కావు. ‘త్రీ ఫేజ్ కనెక్షన్ – ఫాలోఅప్’ అన్న వాక్యాన్ని నలుగురు చదివితే, అది మిగతా ముగ్గురిలో ఎవరో చూసుకుంటారని నలుగురూ అనుకోవచ్చు. అలాంటి వాక్యం నుంచి ఏం చేయాలి, ఎవరు చేయాలి, ఎప్పటిలోగా చేయాలి అన్న మూడింటినీ రాబట్టి, చదివినవారికి అనుమానం మిగలకుండా మెయిల్‌గా రాయడానికి ఒక పద్ధతి ఉంది.

స్లైడ్లను సమావేశానికి ముందే తయారుచేస్తారు. నిర్ణయాలు సమావేశంలో జరుగుతాయి. అందువల్ల ఏ ప్రెజెంటేషన్‌లోనైనా అప్పటికి తెలిసినదీ, తేలాల్సినదీ మాత్రమే ఉంటుంది. తేలినది ఉండదు. ‘రెండు కొటేషన్లు వచ్చాయి, ఖరారు చేయాలి’ అని స్లైడ్‌లో ఉంటే, గదిలో అధ్యక్షత వహించినవారు రెండోదాన్ని ఖాయం చేసి ఉండవచ్చు. స్లైడ్‌ను మాత్రమే చూసి మెయిల్ రాస్తే, అయిపోయిన నిర్ణయాన్ని మళ్లీ పనిగా చూపించినట్టవుతుంది. కాబట్టి పీపీటీ పక్కన సమావేశంలో రాసుకున్న కాగితం కూడా ఉండాలి. రెండింటికీ పొంతన కుదరనప్పుడు గదిలో జరిగినదానికే విలువ. ఆ తేడాను మెయిల్‌లో పైకి చెప్పాలి కూడా. లేకపోతే స్లైడ్ ఒక మాట, మెయిల్ ఒక మాట చెబుతున్నాయని చదివేవారు తికమకపడతారు.

పద్ధతి అర్థం కావడానికి ఒక ఉదాహరణ తీసుకోవచ్చు. ఇందులోని మనుషులూ పేర్లూ కల్పితం. కోస్తా జిల్లాలో ఒక ప్రైవేటు డెయిరీ మూడు ఊళ్లలో బల్క్ మిల్క్ కూలర్లు పెడుతోంది. రైతులు పోసిన పాలను అక్కడికక్కడే 4 డిగ్రీల సెల్సియస్‌కు చల్లబరిచి, ట్యాంకరు వచ్చేదాకా నిల్వ ఉంచే యంత్రాలివి. జులై 6, సోమవారం సమీక్ష జరిగింది. ప్రెజెంటేషన్‌లో 11 స్లైడ్లు ఉన్నాయి. పాల సేకరణ చూసే రాఘవరావు, ఎలక్ట్రికల్ పనులు చూసే శ్రీనివాస్, కొనుగోళ్లు చూసే ఫాతిమా, నాణ్యతా విభాగం నుంచి సునీత హాజరయ్యారు. అకౌంట్స్ చూసే మాధవి ఆ రోజు సెలవులో ఉన్నారు. మూడు కేంద్రాలూ ఆగస్టు 3, సోమవారం ఉదయం మొదలుకావాలని డైరెక్టర్ తేల్చి చెప్పారు.

పదో స్లైడ్ పేరు ‘తదుపరి చర్యలు’. మెయిల్ రాసేవారు సాధారణంగా నేరుగా దాని దగ్గరికే వెళ్లి, అక్కడున్నది కాపీ చేస్తారు. అందులో ఉన్నవి ఇవి: కరెంటు కనెక్షన్ ఫాలోఅప్ – ఎలక్ట్రికల్, జనరేటర్ ఖరారు – వీలైనంత త్వరగా, అనలైజర్ క్యాలిబ్రేషన్ – క్వాలిటీ – నెలాఖరు, రైతు అవగాహన సమావేశాలు – సేకరణ టీం – ఆగస్టు మొదటి వారం, బిల్లింగ్ మార్పు – పరిశీలన. అయిదు వాక్యాల్లో ఒక్కదానికీ మనిషి పేరు లేదు, క్యాలెండర్‌లో వేలుపెట్టి చూపించగల తేదీ లేదు. అంతకన్నా ఇబ్బంది ఏమిటంటే, అసలు ముఖ్యమైన పనులు కొన్ని ఈ స్లైడ్‌లోనే లేవు. అవి మిగతా పది స్లైడ్లలో చెదిరిపోయి ఉన్నాయి.

అందుకని ముందు ప్రెజెంటేషన్‌ను చివరిదాకా, మూలమూలలా చదవాలి. పనులు దాక్కునే చోట్లు కొన్ని ప్రతి పీపీటీలోనూ దాదాపు ఒకేలా ఉంటాయి. మొదటిది, స్లైడ్ కింద ఉండే నోట్స్. మాట్లాడేవారు తమకోసం రాసుకునే ఈ మాటలు తెరమీద కనిపించవు. ఉదాహరణలో అయిదో స్లైడ్‌మీద ‘డిస్కంతో మాట్లాడాలి’ అని మాత్రమే ఉంది. దాని నోట్స్‌లో మాత్రం ‘మూడో ఊరికి డిమాండ్ నోటీసు వచ్చింది, డిపాజిట్ కట్టలేదు’ అని ఉంది. ఈ ఒక్క వాక్యంతో పని స్వరూపమే మారిపోయింది. డిస్కంతో మాట్లాడటానికి ఇక ఏమీ మిగల్లేదు, డబ్బు కట్టాలి. అంటే ముందు కదలాల్సింది ఎలక్ట్రికల్ విభాగం కాదు, అకౌంట్స్.

రెండో చోటు ఫొటోలు, వాటిమీద అతికించిన టెక్స్ట్ బాక్సులు. ఏడో స్లైడ్‌లో రెండో ఊరి కూలర్ గది ఫొటో ఉంది. నేలమీద నీళ్లు నిలిచిన చోటికి ఎర్రబాణం గీసి ‘వాలు సరిచేయాలి’ అని రాశారు. పవర్‌పాయింట్‌లో అవుట్‌లైన్ వ్యూ తెరిచి, అందులోని పాఠాన్ని కాపీ చేసుకుంటే పని సులువవుతుందని చాలామంది అనుకుంటారు. అవుట్‌లైన్‌లో కనిపించేవి శీర్షిక, ప్రధాన పాఠం కోసం కేటాయించిన గడుల్లోని మాటలే. విడిగా గీసిన టెక్స్ట్ బాక్సులు, పట్టికలు, చార్టులు అందులోకి రావు. ఎర్రబాణం పక్కనున్న పని అలా జారిపోతుంది. కాబట్టి అవుట్‌లైన్‌ను సహాయంగా వాడుకున్నా, ఒక్కో స్లైడ్‌ను కళ్లతో చూడటం తప్పదు.

మూడోది దాచిపెట్టిన స్లైడ్లు. ప్రదర్శించేటప్పుడు ఇవి తెరమీదికి రావు. ఎడమవైపు చిన్న బొమ్మల వరుసలో వీటి నంబరు మీద అడ్డగీత కనిపిస్తుంది. డెయిరీ పీపీటీలో ‘కృతజ్ఞతలు’ స్లైడ్‌కు ముందు అలాంటిది ఒకటి ఉంది: ‘కూలర్ల బిగింపు – సరఫరాదారు మెకానిక్ జులై 22న రెండో ఊరికి వస్తారు’. ఇది కీలకమైన తేదీ. అయితే దాచిన స్లైడ్‌ను చూసి వెంటనే నమ్మకూడదు. పాతబడిందనే దాన్ని దాచి ఉండవచ్చు. తయారుచేసినవారిని అడిగి, ఆ సమాచారం ఇంకా నిలిచే ఉందా అని నిర్ధారించుకున్నాకే వాడాలి. ఇక్కడ ఫాతిమాను అడిగితే తేదీ సరైనదేనని, సమయం చాలదని స్లైడ్ దాచామని చెప్పారు. ప్రెజెంటేషన్ పీడీఎఫ్ రూపంలో చేతికొస్తే నోట్స్, దాచిన స్లైడ్లు రెండూ లేకుండా వచ్చే అవకాశం ఉంది. వీలైతే అసలు ఫైలే తెప్పించుకోవాలి.

స్లైడ్‌లో అట్టడుగున ఉన్న వాక్యాన్ని తేలిగ్గా తీసుకుంటే ఏమవుతుందో చెప్పడానికి కొలంబియా అంతరిక్ష నౌక ఉదంతాన్ని తరచూ ప్రస్తావిస్తారు. 2003 ఫిబ్రవరి 1న భూమికి తిరిగివస్తూ ఆ నౌక ముక్కలైంది. కల్పనా చావ్లాతో సహా ఏడుగురు మరణించారు. నౌక ఇంకా కక్ష్యలో ఉండగానే, దాని రెక్కకు తగిలిన ఫోమ్ ముక్క ఎంత హాని చేసి ఉంటుందో ఇంజినీర్లు స్లైడ్లలో వివరించారు. పరీక్షల్లో వాడిన ముక్క పరిమాణం 3 ఘనపుటంగుళాలైతే, నౌకకు తగిలిందని అంచనా వేసినది 1,920 ఘనపుటంగుళాలు. అంటే ఆ పరీక్షల ఆధారంగా ధైర్యంగా ఉండటానికి వీల్లేదు. ఆ వాక్యం ఒక స్లైడ్‌లో అన్నిటికన్నా కింద, ఉపశీర్షికల కింది వరుసలో ఉండిపోయింది. శీర్షిక మాత్రం భరోసా ఇస్తున్నట్టుగా ఉంది. సమాచార రూపకల్పన మీద రాసే ఎడ్వర్డ్ టఫ్టీ ఆ స్లైడ్‌ను విశ్లేషించారు. ప్రమాదంపై దర్యాప్తు చేసిన బోర్డు తన నివేదికలో ఆ విశ్లేషణను చేర్చింది. పాల కేంద్రానికీ అంతరిక్ష నౌకకూ పోలిక లేదు గానీ, స్లైడ్‌లో అక్షరాల పరిమాణాన్ని బట్టి విషయం ప్రాముఖ్యాన్ని అంచనా వేయకూడదన్న సంగతి రెండు చోట్లా ఒక్కటే.

ఇలా చదువుతూ దొరికిన ప్రతి వాక్యాన్నీ ఒక కాగితం మీదికి ఎక్కించి, పక్కన స్లైడ్ నంబరు వేసుకోవాలి. తర్వాత ఎవరైనా ‘ఇదెక్కడిది?’ అని అడిగితే వెంటనే చూపించడానికి ఆ నంబరు పనికొస్తుంది. ఆపైన ఒక్కో వాక్యం ఏ జాతిదో తేల్చాలి. కొన్ని కేవలం సమాచారం: ‘జూన్‌లో సేకరణ తగ్గింది’. కొన్ని నిర్ణయాలు: ‘ఆగస్టు 3న ప్రారంభం’. కొన్ని పనులు. కొన్ని ఇంకా ప్రశ్నలే: ‘బిల్లింగ్ మార్పు – పరిశీలన’. వీటిని కలగలిపితేనే మెయిల్ పాడవుతుంది. ముఖ్యంగా ప్రశ్నను పనిగా రాయడం పెద్ద పొరపాటు. ఆ డెయిరీ ప్రస్తుతం రైతులకు పదిహేను రోజులకోసారి చెల్లిస్తోంది. కొత్త కేంద్రాల్లో పది రోజులకు మార్చాలా అన్నది సమావేశంలో చర్చకు వచ్చింది, తేలలేదు. దాన్ని ఎవరో ఒకరి పేరుకు అంటగడితే, నిర్ణయించే అధికారం లేని మనిషి చేతిలో అది నెలల తరబడి పడుంటుంది.

పని అని తేలినదానికి మొదట కావలసింది క్రియ. ‘పరిశీలించాలి’, ‘చూడాలి’, ‘సమన్వయం చేయాలి’ అన్నవి క్రియల్లా కనిపించినా, వాటికి ముగింపు లేదు. పరిశీలన ఎప్పుడు పూర్తయిందో ఎవరూ చెప్పలేరు. కట్టాలి, పంపాలి, సంతకం చేయించాలి, బిగించాలి, కొలవాలి అన్నవి అయ్యాయో లేదో తెలుస్తుంది. కాబట్టి ప్రతి పనినీ పూర్తయిందనడానికి ఏది ఆధారమో కనిపించేలా రాయాలి. ‘అనలైజర్ క్యాలిబ్రేషన్’ అన్నదాన్ని తీసుకోండి. పాలలో వెన్న శాతం, ఎస్ఎన్ఎఫ్ చూపించే ఈ యంత్రం రీడింగును బట్టే రైతుకు ధర పడుతుంది. అందుకని సునీతను అడిగి ఆ పనిని ఇలా విడమరచవచ్చు: ‘మూడు అనలైజర్లలోనూ ఒకే పాల నమూనాల వెన్న శాతం చూసి, ల్యాబ్‌లో గెర్బర్ పరీక్ష ఫలితాలతో పోల్చి, తేడాల పట్టిక పంపాలి.’ పట్టిక వస్తే పని అయినట్టు, రాకపోతే కానట్టు. వాదనకు తావు లేదు.

తర్వాతిది మనిషి. పనికి ఒక్క పేరే ఉండాలి. ‘ఎలక్ట్రికల్ టీం’ అనో, ‘శ్రీనివాస్/ఫాతిమా’ అనో రాస్తే ఇద్దరూ ఎదుటివారికోసం ఎదురుచూస్తారు. ఆ ఒక్కరే పనంతా చేయాలని దీనర్థం కాదు. పని ఏమైందని అడిగితే జవాబు చెప్పాల్సినవారు వారే అని మాత్రమే. గది నేల వాలు సరిచేసేది మేస్త్రీ. మెయిల్‌లో రాఘవరావు పేరే ఉంటుంది. స్లైడ్ చూపించిన మనిషికే ఆ పనిని అంటగట్టడం కూడా తప్పే. అయిదో స్లైడ్ చూపించింది శ్రీనివాస్ గనుక డిపాజిట్ పని ఆయన పేరుకే రాసేవాళ్లు ఉంటారు. డబ్బు కట్టడం ఆయన చేతిలో లేదు.

ఇక్కడే ఎక్కువమంది దాటేసే మెట్టు ఒకటి ఉంది. సమావేశానికి రానివారికి పని పడితే, మెయిల్ పంపేముందు వారితో మాట్లాడి తీరాలి. పదిమంది కాపీలో ఉన్న మెయిల్ తెరిచి చూశాకే తమకు పని పడిందని తెలిస్తే ఎవరికైనా మనసు కష్టపడుతుంది. మర్యాద సంగతి పక్కనపెట్టినా, ఆ ఫోన్‌లో తెలిసే విషయాలు స్లైడ్లలో దొరకవు. మెయిల్ రాస్తున్న ఉద్యోగి మాధవికి ఫోన్ చేశాడనుకుందాం.

“మాధవి గారూ, మూడో ఊరి కనెక్షన్‌కి డిపాజిట్ కట్టాలటండీ. బుధవారం లోపల అవుతుందా?”

“కట్టడానికేముందండీ, ఒక్క రోజు చాలు. కానీ డిమాండ్ నోటీసు నా దగ్గరికి రాలేదు. అది లేకుండా ఓచర్ ఎలా పెట్టను? శ్రీనివాస్ గారిని రేపటికల్లా స్కాన్ చేసి పంపమనండి, బుధవారం కట్టేస్తాను.”

ఒక్క నిమిషం మాటల్లో రెండు సంగతులు తెలిశాయి. పని ఇన్నాళ్లూ ఎందుకు ఆగిందో తెలిసింది. దానికి ముందు ఇంకో చిన్న పని ఉందని కూడా తెలిసింది: నోటీసు స్కాన్ చేసి పంపడం. అది చేయాల్సింది శ్రీనివాస్, గడువు మంగళవారం. ఆ చిన్న పనిని మెయిల్‌లో విడిగా రాయకపోతే, బుధవారం నాడు మాధవి పేరుమీద ఉన్న పని ఆమె తప్పు లేకుండానే ఆగిపోతుంది.

ఇక మూడోది, అన్నిటికన్నా ఎక్కువ తేడాలొచ్చేది, తేదీ. స్లైడ్లలో రాసే గడువులు చాలావరకు ఏదో ఒకదాన్ని ఆధారం చేసుకుని ఉంటాయి: ‘ఈ వారంలో’, ‘నెలాఖరు’, ‘వచ్చే శుక్రవారం’. ఇవి స్లైడ్ తయారైన రోజును బట్టి అర్థమవుతాయి, మెయిల్ చదివిన రోజును బట్టి కాదు. నాలుగో స్లైడ్‌లోని స్థితి పట్టికలో మూడో ఊరి కరెంటు ఎదురుగా ‘ఈ వారంలో’ అని ఉంది. విచారిస్తే ఆ పట్టికను జూన్ సమీక్ష పీపీటీ నుంచి యథాతథంగా తెచ్చి పెట్టారని తేలింది. ఆ వారం ఎప్పుడో గడిచిపోయింది. అందుకే మెయిల్‌లో ప్రతి గడువుకూ తేదీ, దాని పక్కన వారం పేరు రెండూ ఉండాలి. ‘జులై 8, బుధవారం’ అని రాస్తే రెండింట్లో ఒకటి తప్పుపడినా చదివేవారే పట్టేస్తారు.

విదేశాల్లోని సహోద్యోగులతో కలిసి పనిచేసే హైదరాబాద్ ఆఫీసుల్లో ఈ చిక్కు ఇంకాస్త ముదురుతుంది. ‘శుక్రవారం సాయంత్రం’ అని అమెరికాలో ఉన్నవారు రాస్తే, ఇక్కడివారికి అది శనివారం తెల్లవారుజాము. 03/08 అన్నది ఇక్కడ ఆగస్టు 3, అక్కడ మార్చి 8. రెండో త్రైమాసికం అంటే ఏప్రిల్‌లో మొదలయ్యే మన ఆర్థిక సంవత్సరం లెక్కన జులై నుంచి సెప్టెంబరు వరకు, జనవరితో మొదలుపెట్టేవారికి ఏప్రిల్ నుంచి జూన్ వరకు. నెల పేరు అక్షరాల్లో రాసి, సమయం ఏ దేశానిదో చెబితే ఈ గొడవలన్నీ పోతాయి.

తేదీలను విడివిడిగా సరిచేసుకుంటే చాలదు. అన్నిటినీ ఒకే వరుసలో పెట్టి, చివరి తేదీ నుంచి వెనక్కి నడవాలి. డెయిరీ ఉదాహరణలో చివరి తేదీ ఆగస్టు 3. జనరేటర్ అందడానికి ఆర్డర్ ఇచ్చాక మూడు వారాలు పడుతుందని కొటేషన్‌లో ఉంది. జులై 9, గురువారం ఆర్డర్ వెళితే జులై 30న చేరుతుంది. అది దాటితే బిగించడానికి రోజులుండవు. ‘వీలైనంత త్వరగా’ అన్న మాట ఇలా లెక్కేస్తే జులై 9 అయింది. ఏడో స్లైడ్‌లోని నేల వాలుకు గడువే లేదు. దాచిన స్లైడ్ ప్రకారం మెకానిక్ జులై 22న కూలర్ బిగించడానికి వస్తున్నారు. కొత్తగా వేసిన కాంక్రీటును ఒక వారమైనా తడుపుతూ ఉంచితేనే గట్టిపడుతుంది. కాబట్టి మేస్త్రీ పని జులై 14, మంగళవారం నాటికి ముగియాలి. ఫొటోమీదున్న రెండు మాటలకు, ఎవరూ చూడని స్లైడ్‌లోని ఒక తేదీని కలిపితేనే ఈ గడువు దొరికింది.

వెనక్కి నడిచేటప్పుడే పొసగని తేదీలు బయటపడతాయి. రైతు అవగాహన సమావేశాలు ‘ఆగస్టు మొదటి వారం’ అన్నారు. కొత్త కేంద్రంలో పాలు ఎక్కడ పోయాలో, పరీక్ష ఎలా చేస్తారో రైతులకు చెప్పడానికే ఆ సమావేశాలు. కేంద్రాలేమో ఆగస్టు 3 ఉదయమే తెరుచుకుంటున్నాయి. అంటే సమావేశాలు జులైలోనే అయిపోవాలి. అనలైజర్ పరీక్షకు ‘నెలాఖరు’ అన్నది జులై 31, శుక్రవారం అవుతుంది. యంత్రంలో తేడా కనబడితే సరిచేయడానికి శని, ఆదివారాలే మిగులుతాయి. ఇలాంటి చోట మెయిల్ రాసేవారు తమంతట తాము తేదీ మార్చకూడదు. ఆ మనిషిని అడిగి, ఒప్పుకున్న తేదీనే రాయాలి. అడిగితే రాఘవరావు జులై 31 అన్నారు, సునీత జులై 29 అన్నారు. లెక్క వేసి చెప్పడం వరకే రాసేవారి పని. ఒప్పుకోవడం, చేయడం ఆ మనిషి వంతు. అలా ఒప్పుకోని గడువుకు విలువ లేదు.

ఎంత అడిగినా తేలనివి కొన్ని మిగులుతాయి. వాటిని ఊహించి నింపడం కన్నా, తేలలేదని రాయడమే మేలు. బిల్లింగ్ సంగతి అలాంటిది. అది ఎవరు తేలుస్తారో చెబుతూ మెయిల్ చివర విడిగా పెట్టాలి.

ఇంత కసరత్తు జరిగాక మెయిల్ చిన్నదిగానే ఉంటుంది. సబ్జెక్ట్ లైన్‌లోనే సమావేశం పేరు, తేదీ, చదివేవారు చేయాల్సింది ఉండాలి. ఉదాహరణ మెయిల్ ఇలా వస్తుంది:

సబ్జెక్ట్: పాల కేంద్రాల సమీక్ష, జులై 6 – పనులు, గడువులు – సవరణలుంటే జులై 7 సాయంత్రం 5 లోగా

అందరికీ నమస్కారం.

నేటి సమీక్షలో తేలిన నిర్ణయాలు, పనులు కింద ఉన్నాయి. మీ పేరు ఎదురుగా ఉన్న పనిలో గానీ తేదీలో గానీ తేడా ఉంటే రేపు సాయంత్రం 5 లోగా చెప్పండి.

నిర్ణయాలు: మూడు కేంద్రాలూ ఆగస్టు 3, సోమవారం ఉదయం మొదలవుతాయి. జనరేటర్లు (15 కేవీఏ, మూడు) రెండో కొటేషన్ ఇచ్చిన సంస్థ నుంచి తీసుకుంటాం. 6వ స్లైడ్‌లో ‘ఖరారు చేయాలి’ అని ఉన్నది ఇదే.

పనులు:

1. శ్రీనివాస్ గారు – మూడో ఊరి డిమాండ్ నోటీసు స్కాన్ చేసి మాధవి గారికి పంపాలి – జులై 7, మంగళవారం.
2. మాధవి గారు – డిపాజిట్ కట్టి, రశీదు శ్రీనివాస్ గారికి పంపాలి – జులై 8, బుధవారం.
3. ఫాతిమా గారు – జనరేటర్ల కొనుగోలు ఆర్డర్ పంపి, కాపీ అందరికీ ఇవ్వాలి – జులై 9, గురువారం. (ఆర్డర్ తర్వాత మూడు వారాలకు సరుకు చేరుతుంది.)
4. శ్రీనివాస్ గారు – రశీదు డిస్కం ఆఫీసులో ఇచ్చి, మీటరు బిగించే తేదీ కనుక్కుని చెప్పాలి – జులై 10, శుక్రవారం.
5. రాఘవరావు గారు – రెండో ఊరి గది నేల వాలు సరిచేయించి, నీళ్లు పోసి చూసిన ఫొటో పంపాలి – జులై 14, మంగళవారం. (మెకానిక్ 22న వస్తున్నారు.)
6. సునీత గారు – మూడు అనలైజర్ల రీడింగులను గెర్బర్ పరీక్షతో పోల్చిన పట్టిక పంపాలి – జులై 29, బుధవారం.
7. రాఘవరావు గారు – మూడు ఊళ్లలో రైతు సమావేశాలు పూర్తిచేసి, హాజరు పట్టిక పంపాలి – జులై 31, శుక్రవారం. (10వ స్లైడ్‌లో ఆగస్టు మొదటి వారం అని ఉంది. ప్రారంభం 3నే కాబట్టి ఆయనతో మాట్లాడి మార్చాం.)

తేలాల్సినది: కొత్త కేంద్రాల్లో చెల్లింపు పది రోజులకా, పదిహేను రోజులకా? డైరెక్టర్ గారు నిర్ణయించాలి.

స్లైడ్లు జతచేశాం.

ఇందులో కొన్ని ఏర్పాట్లకు కారణాలున్నాయి. పనులకు నంబర్లు వేస్తే, ‘4వ పని అయింది’ అని ఒక్క ముక్కలో జవాబివ్వవచ్చు. వరుస తేదీని బట్టి ఉంది గనుక ముందు కదలాల్సినవారు ముందే కనిపిస్తారు. ఒకే మనిషికి పది పనులు పడే పెద్ద జాబితాల్లో మాత్రం పేర్లవారీగా పెట్టడం నయం. పట్టిక గీయకుండా వాక్యాలుగా రాయడం కావాలనే చేసింది. చాలామంది మెయిల్‌ను ఫోన్‌లోనే చదువుతారు. నాలుగు నిలువు గడుల పట్టిక చిన్న తెరమీద పక్కకు జరిగిపోయి, తేదీ గడి కనపడకుండా పోతుంది. బ్రాకెట్లలో రాసిన కారణాలు కూడా వృథా కాదు. గడువు ఎందుకు ఆ రోజే అయిందో తెలిస్తే, ఒక్క రోజు ఆలస్యం ఎవరి పనిని ఆపుతుందో ఆ మనిషికి తెలుస్తుంది.

మెయిల్ పంపేముందు ఒక పరీక్ష ఉంది. స్లైడ్లు మూసేసి, సమావేశానికి రాని మనిషిలా ఒక్కో వాక్యం చదవాలి. దాన్ని మాత్రమే చూసి పని మొదలుపెట్టగలరా? పూర్తయిందో లేదో మూడో మనిషి చెప్పగలడా? రెండింటికీ అవునని జవాబు రాకపోతే ఆ వాక్యం ఇంకా స్లైడ్ భాషలోనే ఉందన్నమాట.

ఎప్పుడు పంపాలన్నదీ ముఖ్యమే. ఇది మినిట్స్ కాదు. కంపెనీ బోర్డు సమావేశాల మినిట్స్ ముసాయిదాను 15 రోజుల్లోపు డైరెక్టర్లకు పంపాలని సెక్రటేరియల్ స్టాండర్డ్ ఎస్ఎస్-1 చెబుతుంది. ఆ లెక్కన కూర్చుంటే పై జాబితాలో మొదటి అయిదు గడువులు దాటిపోతాయి. పనుల మెయిల్ అదే రోజు సాయంత్రానికి, కుదరకపోతే మర్నాడు ఉదయానికి వెళ్లాలి. పూర్తి మినిట్స్ తర్వాత తీరిగ్గా రాసుకోవచ్చు.

సవరణలు వస్తే పాత మెయిల్‌కే జవాబుగా, మారిన పని నంబరు, పాత తేదీ, కొత్త తేదీ మూడూ రాసి అందరికీ పంపాలి. ఫోన్‌లో ఒకరికి చెప్పి ఊరుకుంటే మిగతావారి దగ్గర పాత తేదీయే ఉంటుంది. తర్వాతి సమీక్షకు కొత్త స్లైడ్ తయారుచేయాల్సిన అవసరం కూడా లేదు. ప్రభుత్వ కార్యాలయాల్లోనూ కంపెనీల్లోనూ యాక్షన్ టేకెన్ రిపోర్టు అని పిలిచేది ఈ జాబితానే: అవే ఏడు నంబర్లు, ఒక్కోదాని ఎదురుగా అయింది లేదా కాలేదు, కాకపోతే కారణం. ఆగస్టు సమీక్షలో ఆ డెయిరీ మొదటి స్లైడ్‌గా పెట్టాల్సింది అదే.